అదే హాలు, అదే 3 మిల్లీమీటర్లు: ఒకాయన 5 బస్తాలంటే ఇంకొకాయన 12 అంటున్నాడు

పద్మ_వైట్‌ఫీల్డ్
వైట్‌ఫీల్డ్‌లో పాత ఫ్లాట్ కొన్నాం. హాల్లో టైల్స్ పీకించేస్తే కింద పాత గచ్చు బయటపడింది. దాని మీద సెల్ఫ్ లెవెలింగ్, అంటే నీళ్లు కలిపి పోస్తే తనంతట తానే చదునుగా పరుచుకునే పౌడర్, పోయించి, పైన ఎస్‌పీసీ పలకలు, ఒకదానిలో ఒకటి నొక్కి బిగించేవి, వేయించాలని మా ఆలోచన. హాలు 6 మీటర్లు పొడవు, 3.6 మీటర్లు వెడల్పు, అంటే దాదాపు 232 చదరపు అడుగులు. మొదట వచ్చిన కాంట్రాక్టర్ నిలబడి ఒకసారి చూసి, 3 మి.మీ. మందం, 25 కిలోల బస్తాలు 5 సరిపోతాయి అన్నాడు. రెండో ఆయన లేజర్ పెట్టి అరగంట కొలిచి, ఆయనా 3 మి.మీ. అనే అన్నాడు కానీ 12 బస్తాలు కావాలన్నాడు. అదే నేల, అదే మందం, రెట్టింపుకి పైన తేడా. రెండో ఆయన మమ్మల్ని మోసం చేస్తున్నాడని మా వారు గట్టిగా అంటున్నారు. చదరపు మీటరుకి అసలు ఎంత పడుతుందో తెలిసినవాళ్లు చెప్పండి, శనివారం లోపు ఎవరో ఒకరికి అడ్వాన్స్ ఇవ్వాలి.

సివిల్_రవి
బస్తా మీదే రాసి ఉంటుంది కదా అక్కా. 3 మి.మీ.కి బస్తాకి 54 చదరపు అడుగులు. 232ని 54తో భాగిస్తే 4.3, అంటే 5 బస్తాలు. మొదటాయనే కరెక్ట్. 12 అంటే దోపిడీ.

హెచ్ఎస్ఆర్_సునీత
బస్తా మీద ఉన్న లెక్క అద్దంలా చదునుగా ఉన్న నేలకి రవి గారూ. టైల్స్ పీకిన నేల అలా ఉంటుందా?

సివిల్_రవి
మరీ అంత గుంతలుంటే ముందు సిమెంటుతో పూడ్చుకోవాలి, ఖరీదైన పౌడర్ పోసి ఎందుకు నింపడం. ఇంకో విషయం, నాకు గుర్తున్నంతవరకు చదరపు మీటరుకి మి.మీ.కి 2 కిలోలు. అలా చూసినా 130 కిలోలే, 6 బస్తాలు. 12 ఎక్కడి నుంచి వచ్చాయి?

రసమట్టం
బెంగళూరులో ఫ్లోరింగ్ పనులు చేయించడం నా వృత్తి, ఇరవై ఏళ్లు దాటింది. ముందు రవి గారి 2 కిలోల సంగతి చూద్దాం. ఆ అంకె తప్పు కాదు, కానీ అది తడి బరువు.

ఒక చదరపు మీటరు మీద ఒక మి.మీ. మందం పోస్తే అది సరిగ్గా ఒక లీటరు. ఇది ఏ కంపెనీ సరుకైనా మారదు, జ్యామితి అంతే. నీళ్లు కలిపిన సెల్ఫ్ లెవెలింగ్ లీటరు దాదాపు 2 కిలోలు తూగుతుంది, రవి గారి 2 కిలోలు అదే. అందులో నీళ్లు తీసేస్తే పౌడర్ 1.65 కిలోల దగ్గర తేలుతుంది. చాలా డేటా షీట్లలో 1.5 నుంచి 1.8 మధ్య కనపడుతుంది, మీరు కొనే సరుకు కాగితంలో ఏముందో అదే పట్టుకోండి. ఇంకా తేలిగ్గా గుర్తుండాలంటే, 25 కిలోల బస్తాలో అయిదున్నర లీటర్ల నీళ్లు కలిపితే మనకి 15 లీటర్ల చిల్లర వస్తుంది. ఒక బస్తా అంటే 15 లీటర్లు, అంతే. ఇక మీ నేలకి ఎన్ని లీటర్లు పడుతుంది అన్నదే ప్రశ్న.

ఇప్పుడు అసలు విషయం. మీ ఇద్దరు కాంట్రాక్టర్లూ 3 అన్నారు కానీ ఇద్దరి 3 ఒకటి కాదు. మొదటాయన 3 అంటే నేలంతా సగటున 3. రెండో ఆయన 3 అంటే మీ హాల్లో అన్నిటికంటే ఎత్తుగా ఉన్న చోట 3, మిగతా అంతా అంతకంటే ఎక్కువ. సెల్ఫ్ లెవెలింగ్ నీళ్లలాంటిది, పైభాగం చదునుగా నిలుస్తుంది, కింద పల్లం ఎంతుంటే అంత తాగుతుంది. కాబట్టి బస్తాల లెక్క తేల్చేది నేల ఆకారం. ఎవరి మాట నమ్మాలో ఇక్కడ కూర్చుని చెప్పలేను, నేల కొలతలు కావాలి.

మేడమీద_కాఫీ
ఇది మా డాబా మీద పోస్తే వాన నీళ్లు నిలవకుండా ఉంటాయా? అక్కడక్కడా గుంతలు పడి నీళ్లు నిలుస్తున్నాయి, జయనగర్‌లో మా ఇల్లు.

రసమట్టం
వద్దు. డాబాకి వాలు కావాలి, ఇది వాలుని చెరిపేస్తుంది. పైగా మామూలు సెల్ఫ్ లెవెలింగ్ ఇంటి లోపల, పైన వేరే ఫ్లోరింగ్ వేయడానికి చేసింది. ఎండావానా తగిలే చోటికి పనికిరాదు. డాబా గురించి వేరే చర్చ పెట్టండి, తెలిసింది చెప్తాను.

ఓఎంఆర్_శీను
చెన్నైలో మా కథ చెప్తాను, పద్మ గారికి పనికొస్తుంది. పెరుంగుడిలో ఫ్లాట్, అచ్చం ఇలాగే బస్తా మీద లెక్క చూసి తెప్పించాం. ఆదివారం పొద్దున పోయడం మొదలుపెట్టారు, లోపలి గోడ నుంచి తలుపు వైపు వస్తున్నారు, హాల్లో మూడొంతులు అయ్యేసరికి బస్తాలు అయిపోయాయి. షాపు మూసి ఉంది. మర్నాడు ఇంకో రెండు బస్తాలు తెచ్చి మిగతాది పోస్తే, పాతదీ కొత్తదీ కలిసిన చోట గట్టులాగా తేలింది. కాలు పెడితే తెలిసేది. దాన్ని గ్రైండింగ్ చేయించడానికి మిగిలిన డబ్బంతా పోయింది. అక్కడ జరిగింది నాకు ఇప్పుడు రసమట్టం గారి పోస్టు చదివాక అర్థమైంది, మా బాల్కనీ వైపు నేల కిందికి ఉంది, అక్కడే ముందు పోశారు, అదే అంతా తాగేసింది.

చిత్తూరు_కుర్రాడు
నేను ఈ పని చేసే టీమ్‌లోనే ఉన్నాను, పోసేది మేమే. శీను అన్న చెప్పింది నెలకి ఒకసారైనా చూస్తాం. బస్తాలు తక్కువ పడుతున్నాయని తెలిస్తే కొందరు ఏం చేస్తారో తెలుసా, బకెట్లో నీళ్లు పెంచుతారు. చూడ్డానికి చక్కగా పారుతుంది. రెండు రోజులకి పైన తెల్లగా పొర కడుతుంది, గోరుతో గీస్తే పొడి రాలుతుంది. దాని మీద ఏం అంటించినా నిలవదు.

లెక్కలమాస్టారు
పైగా ఆ నీళ్ల వల్ల కలిసొచ్చేది కూడా ఏమీ లేదు. బస్తాకి లీటరు నీళ్లు ఎక్కువ పోస్తే 15 లీటర్లు 16 అవుతాయి, అంతే. మొత్తం గట్టిదనం పోగొట్టుకుని వందకి ఏడు పాళ్లు కూడా పెరగదు.

చిత్తూరు_కుర్రాడు
కరెక్ట్ మాస్టారు. పద్మక్కా, పని రోజు మీరు దగ్గరుండి కొలత చెంబుతో నీళ్లు పోయించండి. 30 మి.మీ. వ్యాసం, 50 మి.మీ. ఎత్తు ఉన్న చిన్న పైపు ముక్కని అద్దం మీద పెట్టి, కలిపింది నిండా పోసి నిలువుగా పైకి లాగితే గుండ్రంగా పరుచుకుంటుంది. ఎంత వెడల్పు పరుచుకోవాలో బస్తాతో వచ్చే కాగితంలో ఉంటుంది, అంతకంటే బాగా ఎక్కువ పరుచుకుంటే నీళ్లు ఎక్కువైనట్టే.

పద్మ_వైట్‌ఫీల్డ్
ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. రసమట్టం గారూ, కొలతలు నేను తీసుకోగలనా? ఎలా తీయాలో చెప్తే శనివారం లోపు తీస్తాను. మా పై ఇంట్లో కార్పెంటర్ పని జరుగుతోంది, వాళ్ల దగ్గర లేజర్ ఉంది.

రసమట్టం
తీయగలరు, గంట పని. హాలుని పొడవు వైపు నాలుగు, వెడల్పు వైపు మూడు, మొత్తం 12 సమాన గళ్లుగా చాక్‌పీస్‌తో గీయండి. లేజర్‌ని ఒకచోట స్టాండ్ మీద పెట్టి గీత నేల నుంచి సుమారు మీటరు ఎత్తులో పడేలా చూసుకోండి. ఇక పని అయ్యేదాకా దాన్ని కదపకూడదు. ప్రతి గడి మధ్యలో స్టీలు టేపు నిలువుగా నిలబెట్టి, గీత ఎక్కడ పడుతుందో మి.మీ.లో రాసుకోండి. అంకె ఎంత పెద్దదైతే నేల అక్కడ అంత పల్లం. ఆ లేజర్ గీతని నాలుగు గోడల మీదా పెన్సిల్‌తో గుర్తు పెట్టి ఉంచండి, పని అయ్యాక మళ్లీ అవసరం పడుతుంది.

ఒక జాగ్రత్త. లేజర్ కాస్త వాలి ఉంటే మొత్తం తప్పుతుంది. మీ హాలుకి ఒక్క మి.మీ. పొరపాటంటే 21.6 లీటర్లు, దాదాపు బస్తాన్నర. అందుకని హాలుకి ఆ చివర ఈ చివర నీళ్ల ట్యూబు పెట్టి గీత నిజంగా మట్టంగా ఉందో లేదో ఒకసారి సరిచూసుకోండి.

హెచ్ఎస్ఆర్_సునీత
పనిలో పనిగా తలుపుల కింద సందు కూడా కొలవండి. మా ఇంట్లో లెవెలింగ్ 8 మి.మీ., పలకలు 5, కింద పరిచే ఫోమ్ ఒకటి, అన్నీ కలిసి మెయిన్ డోర్ నేలకి రాసుకుంది. తలుపు ఊడదీసి కింద కోయించాల్సి వచ్చింది. ఎవరూ ముందు చెప్పలేదు.

పద్మ_వైట్‌ఫీల్డ్
తీశాను. మా అబ్బాయి టేపు పట్టుకున్నాడు, నేను రాశాను. ఎడమ వైపు మెయిన్ డోర్, కుడి వైపు బాల్కనీ.

```
1003  1005  1008  1006
1004  1009  1012  1008
1002  1006  1010  1005
```

నీళ్ల ట్యూబుతో కూడా చూశాం, గీత సరిగానే ఉంది. మధ్యలో అంత పల్లం ఉందని మామూలుగా నడిస్తే తెలియనే తెలియదు.

లెక్కలమాస్టారు
లెక్క నేను వేస్తాను. అన్నిటికంటే చిన్న అంకె 1002, అంటే అది ఎత్తైన చోటు. దాని నుంచి ప్రతి గడి ఎంత పల్లమో తీస్తే మొదటి వరుస 1, 3, 6, 4. రెండోది 2, 7, 10, 6. మూడోది 0, 4, 8, 3. మొత్తం 54, పన్నెండుతో భాగిస్తే సగటు పల్లం 4.5 మి.మీ. ఎత్తైన చోట కూడా 3 ఉండాలి కాబట్టి సగటు మందం 7.5.

21.6 చదరపు మీటర్లు, 1.65 కిలోలు, 7.5 మి.మీ. గుణిస్తే 267 కిలోలు. దాదాపు పదకొండు బస్తాలు. బకెట్లో అంటుకున్నది, ఒలికింది కలిపితే 12. రెండో కాంట్రాక్టర్ నిజాయితీగా చెప్పాడమ్మా.

సివిల్_రవి
ఒప్పుకుంటున్నా, నేను సగటు మందం అనేదే ఆలోచించలేదు. కానీ ఒక సందేహం. పలకలు వేయడానికి నేల మట్టంగా ఉండాలా, చదునుగా ఉంటే చాలా? రెండూ ఒకటి కాదుగా. హాలంతా బాల్కనీ వైపు కొద్దిగా వాలి ఉన్నా గుంతలు లేకపోతే పలకలకి ఏం నష్టం? అలా అయితే 7.5 అక్కర్లేదు.

రసమట్టం
మంచి ప్రశ్న. ఇలా నొక్కి బిగించే పలకలకి చదునే ముఖ్యం. 2 మీటర్ల తిన్నని కమ్మీని నేల మీద పెట్టి చూస్తే కింద సందు 3 మి.మీ. దాటకపోతే సామాన్యంగా సరిపోతుంది. మొదటాయన తాపీతో నేల ఆకారాన్ని అనుసరిస్తూ 3 మి.మీ. పలుచగా పూస్తాడు, గరుకు పోయి నున్నగా అవుతుంది కానీ మధ్య గుంత గుంతలాగే ఉంటుంది. పద్మ గారి మధ్య వరుస చూడండి, 1004 నుంచి 1012కి వెళ్లి మళ్లీ 1008కి వస్తోంది, అది వాలు కాదు, గుంత. దాని మీద పలకలు వేస్తే అడుగేసినప్పుడు కిందికి దిగుతాయి, కొన్నాళ్లకి నొక్కి బిగించిన అంచులు విరుగుతాయి, నడిస్తే డొల్ల శబ్దం వస్తుంది. కాబట్టి 5 బస్తాలతో ఈ హాలు అవ్వదు.

హెచ్ఎస్ఆర్_సునీత
మట్టం కూడా కావాలి అంటాను నేను. హాల్లో గోడ పొడవునా టీవీ యూనిట్, షూ అల్మరా పెడితే కింద వాలు కనపడిపోతుంది. మా ఇంట్లో కార్పెంటర్ చెక్క ముక్కలు పెట్టి సర్దాడు, ఇప్పటికీ నాకు ఆ సందే కనపడుతుంది.

సివిల్_రవి
దానికోసం బస్తాలు పోయడం కంటే అల్మరా కాళ్లు సర్దుకోవడం చవక.

హెచ్ఎస్ఆర్_సునీత
మీ ఇంట్లో అలా చేసుకోండి, నేను చేయను.

రసమట్టం
మధ్యే మార్గం ఒకటి ఉంది, ఎవరూ దాని జోలికి పోలేదు. పౌడర్‌తో పల్లాన్ని నింపడం ఒక వైపు, ఎత్తుని తగ్గించడం ఇంకో వైపు. పద్మ గారి హాల్లో మెయిన్ డోర్ వైపు రెండు గళ్లు ఎత్తుగా ఉన్నాయి, 1003, 1002. అక్కడ గ్రైండింగ్ చేసి 1004కి తెస్తే చాలు, ఎక్కువలో ఎక్కువ 2 మి.మీ. తీయాలి. మాస్టారూ, ఆ లెక్క మళ్లీ వేయండి.

లెక్కలమాస్టారు
ఎత్తు 1004 అనుకుంటే పల్లాలు మొదటి వరుస 0, 1, 4, 2. రెండోది 0, 5, 8, 4. మూడోది 0, 2, 6, 1. మొత్తం 33, సగటు 2.75, పైన 3 కలిపితే 5.75 మి.మీ. 205 కిలోలు. ఎనిమిది బస్తాలకి కాస్త ఎక్కువ, వృథా కలుపుకుంటే 9. రెండు గళ్లలో ఒకటి రెండు మి.మీ. గీకితే మూడు బస్తాలు మిగులుతున్నాయి. నేను ఇంత తేడా ఊహించలేదు.

రసమట్టం
గీకేది కొద్ది చోటే కానీ దాని వల్ల మందం తగ్గేది హాలంతా, అందుకే అంత తేడా. తలుపు సందు సమస్య కూడా 2 మి.మీ. తగ్గుతుంది.

ఇంకో రెండు మాటలు. మొదటిది, లోతైన చోట 8 కి 3 కలిపితే 11 మి.మీ. చాలా సరుకులు ఒక్క పోతకి 10 మి.మీ. దాకానే అంటాయి, అంతకంటే మందంగా పోస్తే ఆరేటప్పుడు పగుళ్లు రావచ్చు. కాబట్టి 1012, 1010 ఉన్న రెండు గళ్లని ముందు రోజే ఒక బస్తాతో నింపి 1007 దగ్గరికి తెచ్చుకోండి. ఒక గడికి 5 మి.మీ., ఇంకో దానికి 3, ఒక్కో గడి 1.8 చదరపు మీటర్లు, కలిపి 14.4 లీటర్లు, దాదాపు ఒక బస్తా. మర్నాడు మిగతాది పోసే ముందు అక్కడ మళ్లీ ప్రైమర్ కావాలా వద్దా అన్నది మీ సరుకు కాగితం చూసి చేయండి.

రెండోది, లేజర్ చెప్పని ఖర్చు ఒకటి ఉంది. టైల్స్ పీకినప్పుడు ఉలి దెబ్బలు పడి ఉంటాయి. గడి మధ్యలో టేపు ఒక చోటే తగులుతుంది, ఆ దెబ్బల లోతు దానికి తెలియదు. నేలంతా సగటున అర మి.మీ. గరుకు ఉన్నా ముప్పావు బస్తా పోతుంది. అందుకని లెక్కకి 9 వచ్చినా 11 తెప్పించండి. విప్పని బస్తాలు వెనక్కి తీసుకుంటాడో లేదో షాపువాడిని ముందే అడగండి. శీను గారి గట్టు గుర్తుందిగా.

ఓఎంఆర్_శీను
ఆ గట్టు నేను జన్మలో మర్చిపోను. అక్కా, ఎక్కువే తెప్పించండి.

పద్మ_వైట్‌ఫీల్డ్
రెండో ఆయనతోనే మాట్లాడాం. కొలతలు చూపించి గ్రైండింగ్ గురించి అడిగితే, చేస్తాను మేడమ్, 12 చెప్పింది గ్రైండింగ్ లేకుండా అని వెంటనే ఒప్పుకున్నాడు. మా వారు ఇప్పుడు ఆయన్ని మెచ్చుకుంటున్నారు. 11 బస్తాలు తెప్పించాం, రేటు చదరపు అడుగుకి కాకుండా వాడిన బస్తాకీ, గ్రైండింగ్ కూలీకీ వేరు వేరుగా మాట్లాడుకున్నాం. తలుపు కింద సందు 14 మి.మీ. ఉంది. తలుపు తెరుచుకునే మేరలో పడే మందం, పలక, ఫోమ్ కలిపి చూశాం, సరిపోతుంది.

చిత్తూరు_కుర్రాడు
ప్రైమర్ మాత్రం ఎగ్గొట్టనివ్వకండి అక్కా. పాత గచ్చు దాహం మీద ఉంటుంది, ప్రైమర్ లేకపోతే పోసిన దాంట్లో నీళ్లు లాగేస్తుంది, పారక ముందే బిగుసుకుంటుంది, పైన చిన్న చిన్న సూది బెజ్జాలు వస్తాయి. గ్రైండింగ్ దుమ్ము వాక్యూమ్‌తో తీశాకే ప్రైమర్. గోడ పొడవునా ఫోమ్ పట్టీ, బాల్కనీ తలుపు పట్టాల దగ్గర సందులు మూయాలి, లేకపోతే సరుకు కింది ఇంటికి పోతుంది.

ఓఎంఆర్_శీను
పొద్దున్నే మొదలుపెట్టించండి. మాకు మే నెల, మధ్యాహ్నం అయ్యేసరికి బాల్కనీ నుంచి ఎండ నేల మీద పడుతోంది, బకెట్లోనే గట్టిపడటం మొదలైంది.

పద్మ_వైట్‌ఫీల్డ్
అయిపోయింది! రెండు రోజుల క్రితం పోశారు. అపార్ట్‌మెంట్‌లో 9 తర్వాతే పని చేయనిస్తారు, అయినా బాల్కనీ కర్టెన్లు మూసేసి మధ్యాహ్నం లోపే ముగించాం. ముందు రోజు గుంతకి ఒక బస్తా, నిన్న కాక మొన్న మిగతాది. ఇద్దరు కలుపుతుంటే ఒకరు పోశారు, ఒకరు ముళ్ల బూట్లు వేసుకుని ముళ్ల రోలర్ తిప్పారు. నీళ్లు నేనే కొలిచి ఇచ్చాను. మొత్తం తొమ్మిదిన్నర బస్తాలు పట్టింది. ఒకటి విప్పకుండా మిగిలింది, వెనక్కి ఇచ్చేశాం. 2 మీటర్ల అల్యూమినియం కమ్మీ పెట్టి అన్ని వైపులా చూశాం, ఎక్కడా మిల్లీమీటరు సందు కూడా లేదు.

ఒకటే అర్థం కాలేదు. లెక్క 205 కిలోలు అంటే 8.2 బస్తాలు. పట్టింది 9.5. బస్తాకి పైన ఎక్కడికి పోయింది?

లెక్కలమాస్టారు
తొమ్మిదిన్నర బస్తాలంటే 237 కిలోలు, సగటు మందం 6.66 మి.మీ. లెక్క కంటే 0.9 ఎక్కువ. గోడల మీద పెన్సిల్ గీత ఉందిగా, మళ్లీ అదే ఎత్తులో లేజర్ పెట్టి కొలవమ్మా. 1001 రావాలి.

పద్మ_వైట్‌ఫీల్డ్
కొలిచాను మాస్టారూ. సగం గళ్లలో 1001, సగం గళ్లలో 1000.

లెక్కలమాస్టారు
అయితే సగటున అర మి.మీ. ఎక్కువ పోశారు. అది 11 లీటర్లు, 18 కిలోలు. సగం పైన దొంగ దొరికాడు. ఇంకా 14, 15 కిలోలు తేలాలి.

రసమట్టం
అది ఉలి దెబ్బల్లోకి పోయింది. టైల్స్ పీకిన ఏ నేలైనా అంత తాగుతుంది.

చిత్తూరు_కుర్రాడు
నేను ఒప్పుకోను అన్నా. ఎత్తు గళ్లు గ్రైండింగ్ అయ్యాయి, అక్కడ దెబ్బలు ఉండవు. బకెట్లు, డ్రిల్ కొన, రోలర్‌కి అంటుకున్నదే బస్తాకి అర కిలో పోతుంది. పది సార్లు కలిపితే అయిదు కిలోలు. మిగతాది బాల్కనీ పట్టాల కింద చూడమనండి.

రసమట్టం
ఎత్తు గళ్లు పన్నెండులో రెండే కదా, మిగతా పదింటి సంగతి?

పద్మ_వైట్‌ఫీల్డ్
పట్టాల కింద టార్చి వేసి చూశాను, ఒక మూల బూడిద రంగులో కాస్త కారి గట్టిపడింది. ఎంత పోయిందో చెప్పలేను. కింది ఇంటివాళ్లని అడిగాను, వాళ్ల బాల్కనీలో ఏమీ పడలేదట. పలకలు వచ్చే వారం వేస్తారు, అప్పటికి తేమ ఆరిందో లేదో చూసి మొదలుపెడతాం అన్నాడు కాంట్రాక్టర్.

మేడమీద_కాఫీ
మా హాలు కూడా కొలిచాను ఈ లెక్కతోనే. 1006 నుంచి 1031 దాకా ఉంది, 25 మి.మీ. తేడా. దీనికి కూడా సెల్ఫ్ లెవెలింగేనా?

సివిల్_రవి
అంత పల్లానికి ముందు సిమెంట్ ఇసుకతో స్క్రీడ్ వేయించుకోండి, నేను మొదట్లో పద్మ గారికి చెప్పింది మీకు పనికొస్తుంది.

రసమట్టం
రవి గారు ఈసారి సరిగ్గా చెప్పారు. కాకపోతే మామూలు సిమెంట్ ఇసుక స్క్రీడ్‌ని మరీ పలుచగా, అంచుల దగ్గర సున్నాకి తేలేలా వేస్తే ఊడి వస్తుంది. మీ 12 గళ్ల అంకెలు పూర్తిగా పెట్టండి, పల్లం ఒక మూలనే ఉందా, హాలంతా వాలిందా అన్నదాన్ని బట్టి చెప్తాను.

మేడమీద_కాఫీ
రేపు పొద్దున పెడతాను. టేపు పట్టుకునే మనిషి ఊరెళ్లాడు.